ఆపిన చోట లేని పడవ

మా వీధిలో జాకెట్లు కుట్టే ఆపా ఫోన్‌లో మా ఆట మొదటిసారి పోయినప్పుడు తప్పు ఆమెదేనని చెప్పింది నేనే. రెండోసారి కూడా అదే మాట చెప్పాను. నేను మోసపోయానని చెప్పుకునే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి, లేకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

మాది బందరు. పని గుడివాడలో. ఎరువుల కొట్టు మీద మేడగదిలో నేనూ, నా స్నేహితురాలూ కలిసి ఫోన్లలో ఆడే ఆటలు తయారుచేసేవాళ్ళం. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. బొమ్మలు, రంగులు, నీటి కదలిక, ఆట సాఫీగా నడవడం తన వంతు. లెక్కలు, నియమాలు, ఆడేవాళ్ళు ఎంతవరకు వచ్చారో దాచిపెట్టడం నా వంతు. వేసవిలో కింద నుంచి యూరియా వాసన మెట్లెక్కి వచ్చేది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే వాసన. రోజూ దాని మీద దెబ్బలాడుకుంటూనే మూడేళ్ళు గడిపాం.

ఆట దివిసీమది. ఒక చిన్న పడవ. దాన్ని లోపలి కాలువల్లోంచి, మడ అడవుల మధ్య పాయల్లోంచి నడిపించుకుంటూ సముద్రం దాకా తీసుకెళ్ళాలి. శత్రువులు లేరు, గడియారం లేదు. ఆటుపోట్లను బట్టి నీళ్ళు పెరుగుతాయి, తగ్గుతాయి. తప్పు పాయలోకి వెళ్తే బురదలో కూరుకుపోతాం. మొత్తం ప్రయాణం రెండు గంటల పైనే పడుతుంది. ఆ శబ్దాల కోసం ఇద్దరం నాగాయలంక వెళ్ళి, ఏరు దాటించే పంటు మీద అటూ ఇటూ తిరిగి, మోటారు చప్పుడు, నీటి చప్పుడు రికార్డు చేశాం. పాలకాయతిప్ప దగ్గర గాలికి మైకులో హోరు తప్ప ఏమీ పడలేదు. తను చున్నీ తీసి మైకుకి చుట్టి, గాలికి వీపు పెట్టి, రెండు చేతులతో దాన్ని పొదివి పట్టుకుని నిలబడింది. కెరటం చప్పుడు అప్పుడు దొరికింది. ఇప్పటికీ ఆటలో వినిపించే సముద్రం అదే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో తనే అంది. "ఇందులో సేవ్ బటన్ వద్దే. పడవకి సేవ్ బటన్ ఉంటుందా? ఎక్కడ ఆపితే అక్కడ ఉండాలి. మళ్ళీ ఎప్పుడొచ్చినా అక్కడే ఉండాలి."

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఆట తెరవగానే కనిపించే మొదటి వాక్యం అదే చేశాం: 'పడవ ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది.'

ఆ వాక్యాన్ని నిజం చేసే పని నాది. ఫోన్‌లో ఆట ఆడుతున్న మనిషి చెప్పి వెళ్ళదు. ఫోను వస్తుంది, మెసేజీ వస్తుంది, ఆట వదిలేసి ఇంకో యాప్‌లోకి వెళ్ళిపోతుంది. ఆ క్షణంలో ఫోను మన ఆటకి ఒక కబురు చెబుతుంది, 'నువ్వు ఆగు' అని. దాన్ని పాజ్ అంటాం. ఇంకో కబురు ఉంది, ఫోకస్ పోవడం. పైనుంచి నోటిఫికేషన్ల పరదా లాగినా, తెర మీద ఇంకేదైనా వచ్చి కూర్చున్నా అది వస్తుంది. ఆట ఇంకా వెనకే కనిపిస్తూ ఉండొచ్చు. మూడోది క్విట్, ఆట పూర్తిగా మూసేటప్పుడు రావాల్సింది. ఫోన్లలో ఆ మూడోదాన్ని నమ్మకూడదు. వెనక్కి వెళ్ళిన ఆటని, మెమరీ చాలకపోతే, ఫోను నిశ్శబ్దంగా చంపేస్తుంది. చంపేముందు క్విట్ అని పిలవదు. కాబట్టి ఏం దాచుకోవాలన్నా పాజ్ కబురు వచ్చినప్పుడే దాచుకోవాలి. అదే మనకి దొరికే ఆఖరి అవకాశం.

నేను పాజ్‌లోనూ, ఫోకస్ పోయినప్పుడూ కూడా దాచేలా రాశాను. పడవ ఎక్కడుంది, నీటి మట్టమెంత, ఏ పాయలు చూశారు, అంతా. రాసి, పరీక్షించి, మరిచిపోయాను.

ఆట విడుదలకి ముందు పదిమంది చేత ఆడించాలనుకున్నాం. వాళ్ళలో ఒకరు ఆపా. ఆపా అంటే అక్క, వీధంతా అలాగే పిలుస్తుంది. బందరులో మా వీధి మలుపులో టైలరింగ్ షాపు ఆమెది. నా పెళ్ళి జాకెట్లు, మా అమ్మ జాకెట్లు అన్నీ కుట్టింది ఆమే. యాభై దాటాయి. ఆమెకు ఆటలాడే అలవాటుందని ఎవరికీ తెలియదు. ఒకసారి కొలతలిస్తూ ఫోన్‌లో చూసి కనిపెట్టాను. అడగ్గానే ఒప్పుకుంది.

"సముద్రం దాకా వెళ్ళాలా? మంచిదే అమ్మాయ్. ఊరి పక్కనే ఉంది గానీ మంగినపూడి వెళ్ళి పదేళ్ళయింది."

ఆమె ఫోను పాతది, మెమరీ తక్కువది. ఆమె ఆడే పద్ధతి కూడా వేరు. మిషను మీద రెండు జాకెట్ల మధ్య అయిదు నిమిషాలు. అంతలో ఎవరో వస్తారు. 'ఇలాంటి మెడ కావాలి' అని ఫోన్‌లో బొమ్మ పంపుతారు. కుట్టిన జాకెట్టు ఫోటో తీసి పంపాలి. మళ్ళీ ఆటలోకి. మేము కోరుకున్న మనిషి సరిగ్గా ఆమే.

మూడో రోజున వాయిస్ మెసేజీ పెట్టింది. "అమ్మాయ్, నా పడవ మొదటి రేవుకి వచ్చేసింది. నేను చాలా దూరం వెళ్ళాను. ఎందుకిలా?"

సాయంత్రం షాపుకి వెళ్ళాను. ఆమె ఎదురుగానే ఆట తెరిచి, కాస్త నడిపి, మెసేజీల యాప్‌లోకి వెళ్ళి తిరిగొచ్చాను. పడవ అక్కడే ఉంది. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అక్కడే ఉంది.

"చూశారా ఆపా, బాగానే ఉంది. మీరు పొరపాటున మళ్ళీ మొదలుపెట్టే బటన్ నొక్కి ఉంటారు."

"నొక్కలేదమ్మా."

"తెలియకుండా తగిలి ఉంటుంది."

ఆమె మళ్ళీ మిషను తిప్పడం మొదలుపెట్టింది. వారం తర్వాత మళ్ళీ అదే జరిగింది. ఈసారి ఆఖరి పాయలో ఉందట, నీటి రంగు మారిందట. నేను మెమరీ ఖాళీచేసే యాప్ ఏదైనా వేసుకున్నారా అని అడిగాను. అలాంటిదేదీ లేదు. అయినా, "మీరే యాప్‌లన్నీ తుడిచేస్తున్నట్టున్నారు" అన్నాను. ఆమె కత్తెర బల్ల మీద పెట్టి నా వైపు చూసింది.

"నలభై ఏళ్ళుగా గుడ్డ కత్తిరిస్తున్నాను. ఏది కత్తిరించానో, ఏది కత్తిరించలేదో నాకు తెలీదా?"

ఆ తర్వాత ఆమె ఒక పని చేసింది. కొలతలు గీసే కాయితం మీద పాయలన్నీ సుద్దతో గీసి, ఆట వదిలి తిరిగొచ్చిన ప్రతిసారీ పక్కన పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. 'ఆకుపచ్చ జాకెట్టు ఫోటో తీశాను. వచ్చేసరికి మొదటి రేవు.' 'కూతురు ఫోను. మాట్లాడాను. పడవ ఉంది.' 'చీర అంచు ఫోటో. మొదటి రేవు.' ఆ కాయితం ఫోటో కూడా నాకు పంపింది. నేను దాన్ని అలాగే నా స్నేహితురాలికి పంపి, "ఏమై ఉంటుందే?" అని అడిగాను.

"ఆవిడ చేతి పొరపాటే. మిగతా తొమ్మిదిమందికీ బాగానే ఉంది కదా. నువ్వు రాసిన సేవింగ్ మీద నీకు అనుమానమా?" అంది.

లేదు. నాకు అనుమానం లేదు. అక్కడే మోసపోయాను.

మా ఆట చూడటానికి హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చారు. ఆటలు విడుదల చేసే సంస్థ వాళ్ళది. మేడగదిలో కుర్చీలు తుడిచి, కింద కొట్టు నుంచి బల్ల ఫ్యాను అరువు తెచ్చాం. వాళ్ళలో ఒకామె తన సంచిలోంచి రెండు చవక ఫోన్లు తీసింది. 'మేము ఎప్పుడూ వీటి మీదే చూస్తామండీ' అంది. ఓ అరగంట ఆడింది. బావుందని చాలాసార్లు అంది. మడచెట్ల నీడలు చూసి నవ్వింది. నా స్నేహితురాలి ముఖం వెలిగిపోయింది, అది తన పని కాబట్టి. అప్పుడు ఆవిడ ఆట వదిలి కెమెరా తెరిచి, మా గదిని ఫోటో తీసి, ఇంకో రెండు యాప్‌లు తెరిచి, మళ్ళీ ఆటలోకి వచ్చింది.

కంపెనీ ముద్ర కనిపించింది. అంటే ఆట మళ్ళీ మొదటి నుంచి తెరుచుకుంటోందన్నమాట. తర్వాత 'పడవ ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది' అన్న వాక్యం. తర్వాత మొదటి రేవు.

ఆవిడ ఫోను బల్ల మీద పెట్టింది.

"ఇది మీ ఆటకి ప్రాణం కదండీ," అంది ఆవిడ మెల్లగా. "యాప్ మారితే పోతోంది. పాజ్‌లో దాచట్లేదా?"

నేను నోరు తెరిచేలోపు నా స్నేహితురాలు అంది, "ఆ భాగం తను రాసిందండీ." నా వైపు చూడకుండానే అంది. బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ అంది.

నేను క్షమించమన్నాను. వారంలో సరిచేస్తానన్నాను. వాళ్ళు మర్యాదగానే వెళ్ళిపోయారు. వాళ్ళు మెట్లు దిగాక తను నా భుజం తట్టింది. "ఏం పర్లేదే, అందరికీ జరుగుతుంది," అంది. ఆ చెయ్యి అప్పుడు నాకు ఓదార్పుగానే అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని నా కోడ్ తెరిచాను. పాజ్ కబురు వచ్చే చోట దాదాపు ఖాళీ. ఆట ఆపే వరుస ఒక్కటే ఉంది. దాచే వరుస లేదు. ఫోకస్ దగ్గరా లేదు. క్విట్ దగ్గర ఉంది. నేను అక్కడ ఎప్పుడూ పెట్టలేదు.

ఎవరు ఏ వరుస ఎప్పుడు మార్చారో చరిత్ర అంతా ఉంటుంది. మూడు నెలల కిందట, ఆపా ఆడటం మొదలుపెట్టే ముందే, నా స్నేహితురాలి పేరుతో ఒక మార్పు ఉంది. పక్కన రాసిన వివరణ: 'చిన్నచిన్న సవరణలు.' తను చేసే మార్పుల్ని నేను చూడటం మానేసి ఏడాది దాటింది. దాన్ని నమ్మకం అనుకున్నాను.

ఎందుకు తెలియలేదో కూడా అప్పుడు అర్థమైంది. మేము కంప్యూటర్‌లో పరీక్షించినప్పుడు ఆట ఆపితే క్విట్ తప్పకుండా వస్తుంది, అంతా భద్రంగా కనిపిస్తుంది. మా ఫోన్లు పెద్దవి, ఆట వెనక బతికే ఉంటుంది. తిరిగొస్తే పడవ అక్కడే ఉంటుంది, దాచకపోయినా. ఆపా ఎదురుగా నేను చేసిన పరీక్ష కూడా అంతే. మెసేజీలు తేలికవి. కెమెరా బరువైనది. కెమెరా తెరవగానే ఆమె ఫోను చోటు కోసం మా ఆటని చంపేసింది. ఆమె కాయితం మీద పెన్సిలుతో అదే రాసి ఉంది. ఫోటో, ఫోటో, ఫోటో.

అక్కడితో ఆగి ఉంటే ఇది పొరపాటు అని సర్దుకునేదాన్ని. కానీ ఆ ఫైలు చరిత్రలో ఇంకో మార్పు ఉంది. నేను ఆపా కాయితం పంపిన మర్నాటిది. తను పాజ్‌లో నా వరుస మళ్ళీ పెట్టింది. ఆ సాయంత్రమే మళ్ళీ తీసేసింది. అంటే తనకి తెలుసు. ఆపా చెప్పింది నిజమని ఆరోజే తెలుసు.

సోమవారం పొద్దున గుడివాడ దాకా బస్సులో నిలబడే వెళ్ళాను, గుడ్లవల్లేరులో సీటు ఖాళీ అయినా కూర్చోబుద్ధి కాలేదు. తను అప్పటికే వచ్చి కిటికీ తెరుస్తోంది. ల్యాప్‌టాప్ తెరిచి ఆ రెండు మార్పులూ చూపించాను.

తను రెండూ చదివింది. "పరదా లాగినప్పుడల్లా ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతోందే. నువ్వు మొత్తం నదినంతా ఫైల్‌లో రాస్తున్నావు. నీళ్ళు ఆగి ఆగి కదులుతున్నాయి. అలాగే వదిలేస్తే అందరూ అదే అనేవాళ్ళు."

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే మళ్ళీ వారం పట్టేది. క్విట్‌లో పెడితే సరిపోతుందనుకున్నా."

"ఆపా కాయితం చూశాక?"

తను ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

"చూశాక పెట్టావు, మళ్ళీ తీశావు. ఆవిడ చేతి పొరపాటన్నావు. నేను ఆవిడ మాట కాక నీ మాట నమ్మాను."

"వాళ్ళు వస్తున్నారు కదే. నీళ్ళు బిగుసుకుపోతే ఎలా? వాళ్ళు వెళ్ళాక సరిచేద్దామనుకున్నా."

"మరి వాళ్ళ ముందు?"

అప్పుడు నా వైపు చూసింది. "నేనే తీశానంటే ఇద్దరి పరువూ పోయేది. మనలో మనకే తెలీదనుకునేవాళ్ళు. నీ మీద పడితే నువ్వు సర్దుకుంటావు. నువ్వెప్పుడూ సర్దుకుంటావు కదా."

అరిస్తే బావుండేది. ఏడ్చినా బావుండేది. తను ఆ మాట ఎంతో మామూలుగా, నా గురించి ఒక మంచి గుణం చెబుతున్నట్టుగా అంది. పదేళ్ళ స్నేహంలో నన్ను తను ఏమని లెక్కేసుకుందో ఆ ఒక్క మాటలో తెలిసింది.

"హైదరాబాద్ వాళ్ళకి నిజం రాయి," అన్నాను. రాస్తానంది.

ఆ వారం నేను ఒక్కదాన్నే సరిచేశాను. తను చెప్పిన ఇబ్బందీ నిజమే, అందులో నా తప్పు ఉంది. పరదా లాగినంత మాత్రాన మొత్తం నదిని రాయక్కర్లేదు. ఫోకస్ పోతే ఆటనీ, చప్పుడునీ ఆపితే చాలు. పాజ్ వచ్చినప్పుడు మాత్రం, వెంటనే, కొద్దిగా, పడవకి కావలసినంతే రాయాలి; తర్వాత రాద్దామని వాయిదా వేస్తే ఆ తర్వాత అనేది రాకపోవచ్చు. ప్రతి మలుపు దగ్గరా కూడా ఒకసారి దాచేలా పెట్టాను. పాత ఫైల్ మీదే రాయకుండా, కొత్తది పూర్తిగా రాశాకే దాని స్థానంలో పెట్టేలా మార్చాను, మధ్యలో ఫోను ఆగిపోయినా పాతదైనా మిగలాలని.

ఆ కొత్త ఆట తీసుకుని ఆపా షాపుకి వెళ్ళాను. ఆమె ఫోనుకి కేబుల్ పెట్టి, ఆటని వెనక్కి పంపి, ల్యాప్‌టాప్ నుంచి దాన్ని చంపించాను. తెరిచాను. పడవ అక్కడే ఉంది. కెమెరా తెరిచి పది ఫోటోలు తీశాను. తెరిచాను. అక్కడే ఉంది. ఆమె మిషను ఆపి చూస్తోంది.

"మీరు చెప్పిందే నిజం ఆపా. తప్పు మాదే. మీరు ఏమీ నొక్కలేదు, తుడవలేదు."

"అది నాకు మొదటిరోజే తెలుసు కదమ్మా," అంది.

"నన్ను క్షమించండి."

"ఆటదేముంది. పోతే మళ్ళీ ఆడుకుంటాం." దారం కొరికి ముడేసింది. "నువ్వు చిన్నప్పట్నుంచి తెలిసినదానివి. నా మాట నమ్మలేదు. అదే బాధ."

తర్వాత ఆమె సముద్రం దాకా వెళ్ళిందని మా అమ్మ ద్వారా తెలిసింది. నాతో మాత్రం చెప్పలేదు. జాకెట్లు ఇప్పటికీ కుడుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది.

హైదరాబాద్ వాళ్ళకి నా స్నేహితురాలు ఉత్తరం రాసింది. నాకూ ఒక కాపీ పంపింది, దాచాల్సిందేమీ లేదన్నట్టు. అందులో ఇలా ఉంది: 'మా సహోద్యోగి పనిలో దొర్లిన లోపాన్ని ఇద్దరం కలిసి సరిచేశాం.' నేను మూడుసార్లు చదివాను. ఆ రోజే మార్పుల చరిత్ర మొత్తం వాళ్ళకి పంపాను, ఒక్క మాట కూడా కలపకుండా. రెండు రోజులకి జవాబు వచ్చింది. ఇప్పుడు బాగా పనిచేస్తోందనీ, ఎవరు ఏం చేశారన్నది తమకి అవసరం లేదనీ, ఇద్దరూ కలిసే కొనసాగితే సంతోషిస్తామనీ రాశారు.

కొనసాగలేదు. ఆట విడుదలయ్యాక బొమ్మలు తనకి, కోడ్ నాకు అని విడిపోయాం. మేడగది తాళం చెవి కింద ఎరువుల కొట్టాయనకి ఇచ్చేశాను. ఆయన, "ఏమ్మా, ఇద్దరూ దెబ్బలాడుకున్నారా?" అని అడిగాడు. దెబ్బలాడుకోలేదండీ అన్నాను. అది నిజమే.

నాలుగు నెలలకి తన ఫోను వచ్చింది. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"ఏమే, బావున్నావా? కొత్త ఆటలో సేవ్ ఫైల్ ఒకటి తెరుచుకోవట్లేదే. సగం రాసి ఆగిపోయినట్టుంది. నువ్వు అప్పుడేదో చేశావు కదా, కొత్త ఫైల్ రాసి మార్చడం, అదెలా?"

ఎలాగో చెప్పాను. ఏది ముందు రాయాలో, ఏది తర్వాత మార్చాలో, ఎక్కడ పొరపాటు పడుతుందో అన్నీ చెప్పాను. తను రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"థాంక్సే. నువ్వు లేకపోతే కష్టం," అని పెట్టేసింది.